బడి మీద కురిసిన వాన ఎన్ని బిందెలు?

(మహిళా సంఘం కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



మీరు అక్షరాలు నేర్చుకున్నారు. కూడికలు, తీసివేతలు, గుణకారాలు నేర్చుకున్నారు. ఆ గుణకారంతో ఈ రోజు ఒక పని చేద్దాం. బడి మీద పడే వానను లెక్క పెడదాం.

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి పోయే తోవ పక్కన ఒక ఊరు ఉంది అనుకుందాం. ఆ ఊరిలో ఒక బడి. రెండు గదులు, ముందర వరండా. పైన సిమెంటు స్లాబు. 60 మంది పిల్లలు. పగటి అన్నం బడిలోనే. తాగడానికి, వండడానికి నల్లా నీళ్ళు వస్తాయి. చేతులు, పళ్ళేలు కడగడానికి, మరుగుదొడ్డికి బడి బోరు ఉంది.

ఎండాకాలం వస్తే బోరు సన్నగా పోస్తుంది. కొన్ని రోజులు అసలే పోయదు. అప్పుడు వంట చేసే అక్క బిందె పట్టుకొని వ్యవసాయ బావి దాకా పోతుంది. ఆమె వెంట పెద్ద తరగతి ఆడపిల్లలు పోతారు. మగపిల్లలు బడిలో లెక్కలు చేస్తుంటే, ఆడపిల్లలు బిందెలు మోస్తారు. నీళ్ళు లేక మరుగుదొడ్డికి తాళం పడుతుంది. తాళం పడిన నాటి నుంచి ఆడపిల్లలు పగటికే ఇంటికి పోతారు.

సంఘం కూడికలో ఈ సంగతి వచ్చింది.

"ఇంకొక బోరు వేయిద్దాం" అన్నది ఒక అక్క.

"ఉన్న బోరుకే నీళ్ళు లేవు. పక్కన ఇంకొకటి వేస్తే నీళ్ళు యాడికెల్లి వస్తయి?" అన్నది ఇంకొక అక్క.

అప్పుడు ఒక అవ్వ అడిగింది: "వానాకాలంల బడి డాబా మీదికెల్లి నీళ్ళు ధారగ పడ్తయి గదా. అవి ఎన్ని బిందెలు ఉంటయి?"

ఎవరూ జవాబు చెప్పలేదు. ఎవరూ ఎన్నడూ లెక్క పెట్టలేదు. మరునాడు నలుగురు ఆడవాళ్ళు టేపు పట్టుకొని బడికి పోయారు.

డాబా కొలత

పెద్ద సారు నిచ్చెన పెట్టించాడు. టేపు పట్టి కొలిచారు. డాబా పొడవు 15 మీటర్లు. వెడల్పు 8 మీటర్లు.

15ను 8తో గుణించారు. 120 వచ్చింది. డాబా 120 చదరపు మీటర్లు అన్నమాట. చదరపు మీటరు అంటే ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు ఉన్న చోటు. అలాంటి చోట్లు డాబా మీద 120 ఉన్నాయి.

ఇక వాన కొలత. రేడియోలో "ఇన్ని మిల్లీమీటర్ల వాన" అని చెప్తారు. ఆ మాటకు అర్థం ఇది. నేల మీద పడ్డ వాన ఎటూ పోకుండా, ఇంకకుండా నిలిస్తే ఎంత ఎత్తు ఉంటుందో అదే వాన కొలత. పిల్లల స్కేలు మీద అన్నిటికన్నా చిన్న గీతల నడుమ సందు ఒక మిల్లీమీటరు.

ఇప్పుడు ముఖ్యమైన మాట వస్తుంది. ఇది ఒక్కటి గుర్తుంటే మిగతా లెక్క అంతా మీరే చేసుకోవచ్చు.

ఒక చదరపు మీటరు చోటు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే, ఆ నీళ్ళు ఒక లీటరు.

కాబట్టి ఆ బడి డాబా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 120 లీటర్లు. 25 మిల్లీమీటర్ల వాన పడితే 120ని 25తో గుణించాలి. 3,000 లీటర్లు వస్తాయి. పాత కొలతలో ఇది సుమారు ఒక అంగుళం వాన.

కానీ పడ్డ వాన అంతా చేతికి రాదు. ఎండిన స్లాబు కొంత తాగుతుంది. కొంత ఆవిరి అవుతుంది. కొంత చిమ్మి పక్కకు పోతుంది. మొదట వచ్చే మురికి నీళ్ళను మనమే వదిలేస్తాం. అందుకని పదింటిలో ఎనిమిది వంతులే లెక్కలోకి తీసుకోవాలి. 3,000లో ఎనిమిది వంతులు అంటే 2,400 లీటర్లు.

బిందెకు 15 లీటర్లు అనుకుంటే 160 బిందెలు. ఒక్క మంచి వానకు 160 బిందెలు!

ఇక సంవత్సరం లెక్క. కామారెడ్డి వైపు మామూలు సంవత్సరంలో 900, 1,000 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. ఎక్కువ ఆశ పడకుండా 900 తీసుకున్నారు.

120ని 900తో గుణిస్తే 1,08,000. అందులో పదింటికి ఎనిమిది వంతులు 86,400 లీటర్లు. బిందెల్లో చెప్తే 5,760.

లెక్క విని వంట చేసే అక్క చాలాసేపు మాట్లాడలేదు. "ఇన్ని బిందెలు మన కండ్ల ముందటనే వాగుల కలుస్తున్నయా?" అన్నది.

ట్యాంకు ఎంత పెద్దది కావాలి?

"అయితే 86 వేల లీటర్ల ట్యాంకు కడదాం" అన్నది ఒక చెల్లె.

తొందరపడకూడదు. ట్యాంకు ఎంత ఉండాలో వాన చెప్పదు. అవసరం చెప్తుంది.

పగటి అన్నం ముందు చేతులు కడగాలి. తిన్నాక పళ్ళెం కడగాలి. ఒక్కొక్క పిల్లకు 3 లీటర్లు అనుకున్నారు. 60 మంది పిల్లలకు రోజుకు 180 లీటర్లు. అంటే 12 బిందెలు. సరిగ్గా ఇన్ని బిందెలే ఆడపిల్లలు మోస్తున్నారు.

వానాకాలంలో బోరు పోస్తుంది. చలికాలంలోనూ పోస్తుంది. కష్టం ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. ఆ మూడు నెలల్లో బడి నడిచేది సుమారు 60 రోజులు. 180ని 60తో గుణిస్తే 10,800 లీటర్లు.

కాబట్టి 10,000 లీటర్లు దాచితే చాలు. 10,000ను 180తో భాగిస్తే 55 రోజులు వస్తుంది. మిగిలిన ఐదు రోజులు ఎట్లనో గడుస్తాయి. అంత పెద్ద ట్యాంకు కట్టి, దాన్ని ఖాళీగా చూసుకోవలసిన పని లేదు.

మూత ఉన్న నల్ల ప్లాస్టిక్ ట్యాంకులు రెండు పెడదామని నిర్ణయించారు. ఒక్కొక్కటి 5,000 లీటర్లు.

ఇక్కడ ఇంకొక లెక్క మరవకూడదు. లీటరు నీళ్ళు కిలో బరువు. 10,000 లీటర్లు అంటే 10,000 కిలోలు. అంటే 10 టన్నులు. ఒక లారీ లోడు! అంత బరువు మెత్తటి నేల మీద పెడితే ఒక పక్కకు కుంగుతుంది. ట్యాంకు పగులుతుంది. ఒరిగి పిల్లల మీద పడినా పడవచ్చు. అందుకని కింద గట్టి నేల దాకా తవ్వి, రాయి, కాంక్రీటు పోసి గద్దె కట్టాలి. గద్దె పైభాగం సమంగా ఉండాలి. నేల నుంచి ఒకటిన్నర అడుగు ఎత్తు ఉంటే కింద బిందె పెట్టి నల్లా తిప్పుకోవచ్చు.

నిండిన ట్యాంకు మీదికి ఇంకా నీళ్ళు వస్తాయి. వాటికి పైన ఒక పొంగు పైపు పెట్టాలి. ఆ పైపు ఎటు పోవాలో తర్వాత చూద్దాం.

మొదటి నీళ్ళు పారబోయాలి

డాబా మీద దుమ్ము ఉంటుంది. ఎండుటాకులు, పిట్టల రెట్టలు, కోతులు వేసిన తొక్కలు ఉంటాయి. మొదట వచ్చే నీళ్ళు ఇవన్నీ కడుక్కొని వస్తాయి. అవి ట్యాంకులో పడకూడదు.

మృగశిర కార్తెలో వచ్చే మొట్టమొదటి వాన నీళ్ళు పూర్తిగా వదిలేయాలి. ఆ తర్వాత, నాలుగైదు రోజులు వాన లేక మళ్ళీ పడ్డప్పుడు, మొదటి మిల్లీమీటరు నీళ్ళు వదలాలి. ఆ డాబాకు మిల్లీమీటరు అంటే ఎంత? 120 లీటర్లు. 8 బిందెలు.

మేస్త్రి ఒక ఉపాయం చెప్పాడు. డాబా నుంచి దిగే పైపుకు పక్కన ఒక నాలుగు అంగుళాల పైపు నిలబెడదామన్నాడు. మొదటి నీళ్ళు ఆ పైపులో నిండుతాయి. అది నిండినాక మంచి నీళ్ళు ట్యాంకుకు పోతాయి.

"ఆ పైపుల ఎన్ని నీళ్ళు పడ్తయి, మేస్త్రీ?" అని ఒక అక్క అడిగింది.

మేస్త్రి చెప్పలేకపోయాడు. అక్కడే ఒక మీటరు పైపు ముక్క తెచ్చి, ఒక కొన మూసి, లీటరు చెంబుతో నీళ్ళు పోసి చూశారు. ఎనిమిది చెంబులకే నిండింది. అంటే మీటరుకు 8 లీటర్లు. 120 లీటర్లు వదలాలంటే 15 మీటర్ల పైపు కావాలి. అంత పొడవు పైపు ఎక్కడ నిలబెడతారు? ఒకటి రెండు మీటర్ల పైపు పెట్టి, మురికి పోయిందని అనుకుంటే, మిగతా మురికి అంతా ట్యాంకులోకే పోతుంది.

కాబట్టి వాళ్ళు సులభమైన పని చేశారు. దిగే పైపు అడుగున ఒక తిప్పుడు వాల్వు పెట్టించారు. వాన మొదలైనప్పుడు వాల్వు తెరిచే ఉంటుంది. నీళ్ళు బయటికి పోతాయి. అద్దం గ్లాసులో నీళ్ళు పట్టి చూస్తారు. నీళ్ళు తేటగా కనిపించినాక వాల్వు మూస్తారు. అప్పుడు నీళ్ళు ట్యాంకుకు ఎక్కుతాయి. రాత్రి పడే వానకు ఎవరు వస్తారు? అందుకని సాయంత్రం బడి వదిలేటప్పుడు వాల్వు తెరిచి పోవాలి. కొన్ని నీళ్ళు పోతే పోనీ. మురికి మాత్రం చేరకూడదు.

పైపు ట్యాంకులో దిగే చోట సన్న జాలీ కట్టాలి. పొంగు పైపు మూతికీ జాలీ కట్టాలి. జాలీ లేకపోతే దోమ లోపలికి పోయి గుడ్లు పెడుతుంది. డెంగీ తెచ్చే దోమ ఇలాంటి నిలువ నీటిలోనే పెరుగుతుంది. మూత సందు లేకుండా ఉండాలి. వెలుతురు పోతే నీళ్ళు పాకురు పడతాయి.

నీళ్ళు చెడ్డాయని ఎట్లా తెలుస్తుంది? గ్లాసులో పట్టి చూస్తే పచ్చగా ఉంటే పాకురు పట్టింది. సన్న పురుగులు పైకి కిందికి ఆడుతుంటే అవి దోమ పిల్లలు. కుళ్ళు వాసన వస్తే లోపల ఆకులో, చచ్చిన పురుగులో ఉన్నాయి. అప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, తోమి కడగాలి.

ఈ నీళ్ళు చూపుకు తేటగా ఉన్నా నేరుగా తాగడానికి కాదు. చేతులకు, పళ్ళేలకు వాడే నీళ్ళయినా శుభ్రంగా ఉండాలి కదా. అందుకని వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల కొత్త బ్లీచింగు పొడి కలుపుతారు. నిండిన 10,000 లీటర్లకు 25 గ్రాములు. రెండు ట్యాంకులకు సగం సగం. పొడిని ముందుగా బకెట్టు నీళ్ళలో కలిపి, సున్నం అడుగుకు దిగినాక, పైన తేరిన నీళ్ళే ట్యాంకులో పోయాలి. గంట ఆగినాక వాడాలి. మూత తీసి ఉంచిన పాత పొడికి బలం ఉండదు. బ్లీచింగు పొడి బలం ట్యాంకులో కూడా ఎన్నో రోజులు నిలవదు. ఎండాకాలంలో ట్యాంకు తెరిచినప్పుడు, మిగిలిన నీళ్ళను చూసి మళ్ళీ కలపాలి.

బతుకమ్మ నాటికి తాళం

ఇక్కడ చాలా ఊళ్ళలో ఒక పొరపాటు జరుగుతుంది. వానాకాలంలో ట్యాంకు నిండుతుంది, వాడతారు. మళ్ళీ నిండుతుంది, మళ్ళీ వాడతారు. వానలు పోయే రోజు ట్యాంకు సగం ఖాళీగా ఉంటుంది. దీపావళి నాటికి అడుగంటుతుంది. ఫిబ్రవరిలో చూస్తే బూజు. అప్పుడు "వాన నీళ్ళ ట్యాంకు దండుగ" అంటారు.

దండుగ ట్యాంకుది కాదు. వాడిన తీరుది.

ఆ నలుగురు ఆడవాళ్ళు ఈ లెక్క కూడా వేశారు. ఒక మిల్లీమీటరు వానకు చేతికి వచ్చేవి 96 లీటర్లు. 10,000ను 96తో భాగిస్తే 104. అంటే ఖాళీ ట్యాంకు నిండాలంటే 104 మిల్లీమీటర్ల వాన కావాలి. అది నాలుగైదు మంచి వానల మాట. అందుకని సెప్టెంబరు మొదట్లోనే వాడడం ఆపాలి. సెప్టెంబరు వానలకు ట్యాంకు నిండాలి. బతుకమ్మ పండుగ నాటికి నిండిన ట్యాంకుకు తాళం వేయాలి. ఫిబ్రవరి ఒకటో తేదీన తాళం తీయాలి.

తాళం చెవి వంట చేసే అక్క దగ్గర ఉంటుంది. గోడ మీద ఒక కాగితం అంటించారు. రోజూ ఎన్ని బిందెలు తీశారో ఆమె రాస్తుంది. 12 దాటితే ఎందుకు దాటిందో కూడా రాస్తుంది. ఆమె రెండేండ్ల కింద వేలిముద్ర వేసేది.

పొంగిన నీళ్ళు నేలలోకి

86,400 లీటర్లు వస్తాయని చెప్పుకున్నాం. ట్యాంకు పట్టేది 10,000. మిగతా నీళ్ళలో ఎక్కువ భాగం పొంగిపోతాయి. వాటిని నేలకు తాగించాలి. దానికే ఇంకుడు గుంత.

గుంత ఎక్కడ తవ్వాలి? బడి గోడకు కనీసం 3 మీటర్ల దూరం ఉండాలి. లేకపోతే పునాది నానుతుంది. మరుగుదొడ్డి గుంతకు కనీసం 15 మీటర్ల దూరం ఉండాలి. లేకపోతే ఆ మురికి ఈ నీళ్ళతో కలిసి బోరుకు చేరుతుంది.

నేల నీళ్ళు తాగుతుందో లేదో ముందే చూడాలి. అడుగు లోతు చిన్న గుంత తవ్వి నీళ్ళు నింపాలి. అవి ఇంకినాక మళ్ళీ నింపాలి. ఈ రెండోసారి ఎంత సేపటిలో ఇంకుతాయో చూడాలి. కామారెడ్డి వైపు చెల్క నేలలు ఎక్కువ. చెల్క కింద మొరం ఉంటుంది. మొరం నీళ్ళు బాగా తాగుతుంది. రేగడి నేల అట్లా కాదు. రేగడి తడిస్తే ఉబ్బి మూసుకుంటుంది. నీళ్ళు పైననే నిలుస్తాయి. అక్కడ రేగడి పొర దాటి, మొరం తగిలే దాకా తవ్వాలి.

ఆ బడిలో 2 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు గుంత రాసుకున్నారు. మూడు కొలతలను గుణించాలి. 2ను 2తో గుణిస్తే 4. 4ను 2తో గుణిస్తే 8. ఇది 8 ఘనపు మీటర్లు. ఒక ఘనపు మీటరు గుంతలో 1,000 లీటర్లు పడతాయి. అంటే ఖాళీ గుంతలో 8,000 లీటర్లు.

కానీ ఈ గుంతను ఖాళీగా వదలరు. పిల్లలు పడతారు. అడుగున పెద్ద రాళ్ళు, నడుమ కంకర, పైన దొడ్డు ఇసుక నింపుతారు. నీళ్ళు రాళ్ళ సందుల్లోనే ఉంటాయి. ఆ సందులు పదింటికి నాలుగు వంతులు అనుకోవాలి. అంటే 3,200 లీటర్లు. ఇంకుతూ ఉంటుంది కాబట్టి అంతకన్నా ఎక్కువే తాగుతుంది. కానీ "8,000 లీటర్ల గుంత" అని ఎవరన్నా చెప్తే, రాళ్ళు నింపకముందా, నింపినాకనా అని అడగండి.

పైపు నీళ్ళను నేరుగా బోరు గొట్టంలోకి వదలకూడదు. ఇసుక, రాయి, మట్టి దాటి దిగితేనే నీళ్ళు వడపోత అవుతాయి.

రెండేండ్లకు ఇసుక మీద సన్న మట్టి పేరుకుంటుంది. వాన వెలిసినాక ఒక రోజు గడిచినా గుంత మీద నీళ్ళు నిలిచి ఉంటే గుంత మూసుకుపోయిందని అర్థం. ఏటా వానల ముందు పైన ఉన్న జానెడు ఇసుక తీసి, కడిగి, మళ్ళీ పోయాలి.

అర మీటరు తక్కువైతే ఏమవుతుంది?

గుంత తవ్వడం అయిపోయిందని మేస్త్రి చెప్పాడు. "రేపు పొద్దుగాల రాళ్ళు నింపుతం" అన్నాడు.

సంఘం లీడరు అక్క ఆ సాయంత్రమే టేపు పట్టుకొని పోయింది. పొడవు ఒకటిన్నర మీటరు. వెడల్పు ఒకటిన్నర. లోతు ఒకటిన్నర.

"2 మీటర్లు రాసినం గదా, మేస్త్రీ?"

"కింద గట్టి మొరం వచ్చిందక్కా. ఎంత తక్కువ? అర మీటరే గదా."

అక్క నేల మీద కూర్చొని లెక్క చేసింది. ఒకటిన్నరను ఒకటిన్నరతో గుణిస్తే రెండుంబావు. రెండుంబావును ఒకటిన్నరతో గుణిస్తే 3.375. సుమారు మూడు, ఇంకా కొంచెం.

కావలసింది 8 ఘనపు మీటర్లు. తవ్వింది మూడు చిల్లర. సగం కూడా కాలేదు! ఒక్కొక్క వైపు అర మీటరే తగ్గింది. కానీ మూడు వైపులా తగ్గితే గుంత సగానికి కిందికి పోయింది. బిల్లు మాత్రం 8 ఘనపు మీటర్లకే వస్తుంది.

"గట్టి మొరం అయితే లోతు తక్కువ చెయ్యి. నీళ్ళు తాగే మొరమే గదా. పొడవు, వెడల్పు పెంచు. లెక్క 8 రావాలె" అన్నది అక్క.

మేస్త్రి సరే అన్నాడు. లోతు ఒకటిన్నర మీటరే ఉంచాడు. పొడవు 2 మీటర్ల 70 సెంటీమీటర్లు, వెడల్పు 2 మీటర్లు చేశాడు. గుణిస్తే 8.1. సరిపోయింది.

అక్కలారా, ఒక మాట గమనించండి. ఆ అక్క మరునాడు పోయి ఉంటే గుంత నిండా రాళ్ళు ఉండేవి. అప్పుడు ఏ టేపూ పనికి రాదు. గుంతను రాళ్ళు నింపకముందే కొలవాలి. కొలత రాసి, తేదీ వేసి, అప్పుడే సంతకం పెట్టాలి.

బడి జాగ కూడా చిన్న వాటర్‌షెడ్డే

ఎల్లారెడ్డికి దగ్గర పోచారం ప్రాజెక్టు ఉంది. నిజాం కాలంలో, 1922లో పూర్తయింది. మంజీరలో కలిసే వాగుకు అడ్డంగా కట్టారు. దానిలోకి వచ్చే నీళ్ళు ఎక్కడివి? పైన ఎన్నో ఊళ్ళ చేన్ల మీద, గుట్టల మీద పడ్డ వాన. ఒక చోటికి నీళ్ళు దిగి వచ్చే ఆ జాగనంతా కలిపి వాటర్‌షెడ్ అంటారు.

బడి జాగ కూడా అంతే. చిన్నది, అంతే తేడా. ఆ బడికి ఒక ఎకరం ఉంది. పైసగం వాలుగా ఉంటుంది. వాన పడితే నీళ్ళు ఎర్రగా పరుగెత్తి గేటు నుంచి బయటికి పోతాయి. ఎర్రగా పోతున్నాయంటే నీళ్ళతో పాటు మట్టి కూడా పోతున్నదని అర్థం.

పైసగం సుమారు 2,000 చదరపు మీటర్లు. 50 మిల్లీమీటర్ల వాన పడితే 1,00,000 లీటర్లు. నేల చాలా తాగుతుంది. పదింటిలో మూడు వంతులు పారుతాయి అనుకుంటే 30,000 లీటర్లు. ఈ నీళ్ళలో మట్టి, మేకల పెంట ఉంటాయి. ఇవి ట్యాంకుకు పనికి రావు. నేలలోకే పోవాలి.

దానికి వాలుకు అడ్డంగా కందకాలు తవ్వారు. ఒక్కొక్కటి 5 మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు. ఒక కందకంలో 1,250 లీటర్లు పడతాయి. 30,000ను 1,250తో భాగిస్తే 24. నాలుగు వరుసలు, వరుసకు ఆరు కందకాలు. పై వరుస సందుకు ఎదురుగా కింది వరుస కందకం ఉండాలి.

పని పైనుంచి కిందికి చేయాలి. కింద ముందు తవ్వితే పై నీళ్ళన్నీ ఉరికి వచ్చి, కింది కందకం మట్టితో పూడుతుంది. తవ్విన మట్టిని వాలు కింది వైపు గట్టుగా పోయాలి. కందకం అడుగు సమంగా ఉండాలి. మేస్త్రి గోడలకు వాడే నీళ్ళ పైపుతో మట్టం చూసుకోవాలి. అడుగు ఒక పక్కకు దిగితే నీళ్ళన్నీ ఆ మూలకే పోతాయి. గట్టు అక్కడనే తెగుతుంది. గట్ల మీద సీతాఫలం, కానుగ మొక్కలు పెట్టారు. వేర్లు మట్టిని పట్టుకుంటాయి.

ప్రతి చెరువుకు అలుగు ఉన్నట్టు

2025 ఆగస్టు చివరలో కామారెడ్డి జిల్లాలో పడ్డ వాన మీరు మరిచిపోలేదు. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులో 400 మిల్లీమీటర్లకు పైగా పడింది. అట్లాంటి వాన ఆ బడి మీద పడితే డాబా నుంచే 38,400 లీటర్లు వస్తాయి. పైసగం జాగ మీద 8,00,000 లీటర్లు పడతాయి. నేల నిండా తడిసి ఉంటుంది. ఇంకేది తక్కువ, పారేది ఎక్కువ. 30,000 లీటర్ల కందకాలు ఏం ఆపగలవు?

ఆపలేవు. ఆపాలని చూడకూడదు. మన పెద్దలు ప్రతి చెరువుకు అలుగు పెట్టారు. నిండినాక నీళ్ళు కట్ట తెగకుండా అలుగు మీదుగా పోతాయి. అట్లాగే కందకాల కింది వరుస చివర రాళ్ళు పరిచి ఒక అలుగు పెట్టాలి. నీళ్ళు గది గోడల వైపు కాకుండా, బడి బయటి కాలువ వైపు పోవాలి. ట్యాంకు పొంగు పైపు గుంతకు పోతుంది. గుంత నిండితే అదే కాలువకు దారి ఉండాలి.

ఎంత మేలు, ఎంత కాదు

ఇంత చేసినాక బోరు పొంగుతుందా? ఉన్న మాట చెప్పాలి. ఆ బోరు మోటారు గంటకు 6,000 లీటర్లు పోస్తుంది అనుకుందాం. కందకాలు ఒక వానకు తాగించిన 30,000 లీటర్లు అయిదు గంటల మోటారు నీళ్ళు. పైగా అవి బడి బోరుకే రావు. రాతి నెర్రెల్లో ఎటు దారి ఉంటే అటు పోతాయి. పక్క చేను బోరుకు కూడా పోతాయి. వానాకాలంలో ఎన్నో వానలు పడతాయి కాబట్టి కొంత మేలు తప్పక ఉంటుంది. కానీ ఒక్క బడి తాగించి, ఊరంతా తోడితే బోరు నిలవదు. చెరువు పూడిక కూడా తీయాలి. చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పని 2015 మార్చి 12న మొదలైంది ఈ కామారెడ్డి వైపు సదాశివనగర్ చెరువులోనే.

బోరు సంగతి అట్లా ఉండనీ. ట్యాంకులో దాచిన 10,000 లీటర్లు మాత్రం ఎటూ పోవు. అవి బడివే. రోజుకు 12 బిందెలు, 55 రోజులు. చేతులకు, పళ్ళేలకు బోరు నీళ్ళు వాడే పని తప్పుతుంది. బోరు పోసే ఆ కొన్ని నీళ్ళు మరుగుదొడ్డికి మిగులుతాయి. తాళం పడదు. ఆడపిల్లలు సాయంత్రం దాకా బడిలో ఉంటారు.

మీరు చేసి చూడండి

అడుగు సమంగా, పక్కలు నిటారుగా ఉన్న ఒక డబ్బా తీసుకోండి. చెట్టు కింద కాకుండా, బయలులో పెట్టండి. వాన వెలిసినాక పిల్లల స్కేలు లోపల నిలబెట్టి చూడండి. ఎన్ని గీతలు తడిస్తే అన్ని మిల్లీమీటర్ల వాన. తేదీ వేసి రాయండి.

తర్వాత మీ ఇంటి పైకప్పు పొడవు, వెడల్పు కొలవండి. స్లాబు ఉన్నా, రేకులు ఉన్నా సరే. మూడు అంకెలు గుణించండి. పొడవు, వెడల్పు, వాన. వచ్చిన దానిలో పదింటికి ఎనిమిది వంతులు తీసుకోండి. 15తో భాగించండి.

ఆ వానకు మీ ఇంటి మీది నుంచి ఎన్ని బిందెలు పోయాయో వచ్చే కూడికకు రాసుకొని రండి.